బిగింపు జడ, వెనక్కి జరిగే నుదురు

జుట్టును రోజూ బిగించి లాగి కట్టడం వల్ల నుదుటి అంచున, కణతల దగ్గర, చెవుల ముందూ వెనకా వెంట్రుకలు పలచబడి క్రమంగా రాలిపోతాయి. వైద్యులు దీన్ని ట్రాక్షన్ అలోపీసియా అంటారు. నిజానికి ఇది రోగం కన్నా గాయానికే దగ్గర. ఇందులో క్రిమి లేదు, హార్మోన్ల తేడా లేదు, తిండిలో లోపమూ మూలకారణం కాదు. వెంట్రుక కుదురు మీద నెలల తరబడి, ఏళ్ల తరబడి పడే లాగుడే దీనికి కారణం. బిగించి వేసిన జడ, నెత్తిన ఎత్తి కట్టిన ముడి, సన్నసన్న పాయలుగా మాడుకు అంటిపెట్టి అల్లిన జడలు, జుట్టుకు కలిపి అల్లిన సవరం, ఏదైనా సరే, కుదురును లాగుతూ ఉంటే ఫలితం ఒకటే. ఈ నష్టానికి రెండు దశలున్నాయి. మొదటి దశలో లాగుడు మానేస్తే చాలు, జుట్టు దానంతట అదే తిరిగి వస్తుంది. రెండో దశకు చేరాక ఏ నూనె రాసినా, ఏ మందు వాడినా ఆ చోట వెంట్రుక మొలవదు. మొదటిది ముగిసి రెండోది మొదలైన రోజు మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ రోజు నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు.

ఈ సంగతి వైద్యుల కంటపడింది మంచు దేశంలో. 1907లో ఆస్ట్రియాకు చెందిన ట్రెబిష్ అనే వైద్యుడు గ్రీన్‌లాండ్ మహిళల్లో నుదుటి అంచు వెంట జుట్టు లేకపోవడం గురించి రాశాడు. అక్కడి ఆడవాళ్లు జుట్టునంతా పైకి లాగి నడినెత్తిన గట్టిగా ముడి కట్టేవారు. ఆ తర్వాత ఇదే నష్టం ఎక్కడెక్కడో కనిపించింది. తలపాగా కింద జుట్టును బిగించి ముడేసే సిక్కు పురుషుల్లో నుదుటి దగ్గర, గడ్డాన్ని ముడిచి కట్టేవాళ్లలో దవడ కింద కూడా వెంట్రుకలు పలచబడటాన్ని చర్మవైద్యులు నమోదు చేశారు. రోజంతా బిగుతైన ముడితో సాధన చేసే బాలే నర్తకుల్లోనూ ఇది ఉంది. దేశం ఏదైనా, మగవాళ్లైనా ఆడవాళ్లైనా తేడా లేదు. లాగుడు ఎటు నుంచి ఎటు పడుతుందో అదే ఆకారంలో జుట్టు పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా దీని బారిన పడింది ఆఫ్రికా మూలాలున్న మహిళలు. వాళ్ల జుట్టు మెలికలు తిరిగి ఉంటుంది, చర్మం లోపలి కుదురు కూడా వంకరగానే ఉంటుంది, వెంట్రుక సులువుగా తెగుతుంది. పైగా చిన్నతనం నుంచే సన్నని బిగుతు జడలు అల్లడం, వాటికి సవరాలు కలపడం, రసాయనాలతో జుట్టు సాఫీ చేయించడం అక్కడ మామూలు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన చర్మవైద్యురాలు నొన్‌హ్లాన్‌హ్లా ఖుమాలో బృందం అక్కడి బడి పిల్లల్నీ పెద్దవాళ్లనీ పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనాలు ఈ విషయంలో నేటికీ ఆధారంగా నిలుస్తున్నాయి. బడి పిల్లల్లో ఆఫ్రికన్ బాలికలను చూస్తే 17.1 శాతం మందికి, పెద్ద ఆడవాళ్లలో 31.7 శాతం మందికి ఈ నష్టం కనిపించింది. అంతకన్నా చెప్పుకోదగ్గది వయసుతో పాటు పెరిగిన తీరు. బడిలో చేరిన మొదటి ఏడాది పిల్లల్లో 8.6 శాతంగా ఉన్నది ఉన్నత పాఠశాల చివరి ఏడాదికి వచ్చేసరికి 21.7 శాతమైంది. లాగుడు ఒకనాటి దెబ్బ కాదు, పోగయ్యే దెబ్బ అని ఈ అంకెలే చెబుతాయి. రసాయనంతో సాఫీ చేసిన జుట్టును బిగించి అల్లితే ముప్పు ఇంకా ఎక్కువని కూడా ఆ బృందమే తేల్చింది. రసాయనం వెంట్రుక బలాన్ని తగ్గిస్తుంది, బిగుతు జడ మిగిలిన బలాన్ని పరీక్షిస్తుంది. మన ఊళ్లలో స్మూతెనింగ్, రీబాండింగ్ చేయించుకున్న మర్నాటి నుంచే ఎత్తుగా పోనీటెయిల్ కట్టేవాళ్లకు ఇదే లెక్క వర్తిస్తుంది.

అమెరికా సైన్యం ఈ నష్టాన్ని నిబంధనల స్థాయిలో గుర్తించింది. అక్కడ మహిళా సైనికులు యూనిఫాంలో ఉన్నప్పుడు పొడవాటి జుట్టును ముడిగా బిగించి ఉంచుకోవాలన్నది ఏళ్లుగా ఉన్న నియమం. జుట్టు రాలడం, తలనొప్పి గురించి ఫిర్యాదులు పెరిగాక 2021లో సైన్యం, వైమానిక దళం రెండూ నిబంధనలు సడలించి జడకూ పోనీటెయిల్‌కూ అవకాశమిచ్చాయి. హోటళ్లు, విమానయాన సంస్థలు, ఆస్పత్రులు ఇలా చాలాచోట్ల ఉద్యోగ నియమాల్లో ఇప్పటికీ నున్నగా దువ్వి కట్టిన ముడి ఉంది. వీటిని రాసేవాళ్లు పక్కనున్న చర్మవైద్యుణ్ని ఒకసారి అడిగి ఉంటే బాగుండేది.

నష్టం ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే కుదురులోకి చూడాలి. తల మీద ప్రతి వెంట్రుకా చర్మంలో కొన్ని మిల్లీమీటర్ల లోతున్న సంచిలాంటి కుదురు నుంచి పుడుతుంది. ఆ సంచి అడుగున ఒక చిన్న ఉబ్బు ఉంటుంది, వెంట్రుకకు కావలసిన రక్తం, సంకేతాలు అక్కడి నుంచే అందుతాయి. కాస్త పైన, రోమాన్ని నిక్కబొడిపించే చిన్న కండరం అతుక్కునే చోట మూలకణాలు ఉంటాయి. పాత వెంట్రుక రాలిపోయాక కొత్తదాన్ని మొదలుపెట్టేది ఈ మూలకణాలే. ప్రతి కుదురూ తన వంతు ప్రకారం పనిచేస్తుంది. రెండు నుంచి ఆరేళ్ల పాటు వెంట్రుకను పెంచుతుంది, రెండు మూడు వారాల్లో పని ముగిస్తుంది, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తర్వాత పాతది రాలుతుంది, కొత్తది మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న తలలో ఏ సమయంలో చూసినా 85 నుంచి 90 శాతం వెంట్రుకలు పెరిగే దశలోనే ఉంటాయి.

బిగుతుగా కట్టిన జడ ఈ వంతును చెడగొడుతుంది. లాగుడు తగిలిన కుదురు ఇంకా పెరగాల్సిన వెంట్రుకను మధ్యలోనే వదిలేసి ముందుగానే విశ్రాంతిలోకి పోతుంది. కొన్ని వెంట్రుకలు వేరు దగ్గరే మెత్తబడి వికృతమవుతాయి, కొన్ని మధ్యలో తెగుతాయి, కొన్ని మొత్తంగా ఊడి వస్తాయి. చుట్టూ చర్మం వాచి ఎర్రబడుతుంది. అయినా ఈ దశలో కుదురు బతికే ఉంటుంది, మూలకణాలూ భద్రంగా ఉంటాయి. అంటే నష్టపోయింది వెంట్రుక, దాన్ని పుట్టించే చోటు కాదు. లాగుడు ఇక్కడే ఆగితే మూడు నాలుగు నెలల్లో కొత్త వెంట్రుక కనిపించాలి, ఎందుకంటే విశ్రాంతి దశ అంతే.

లాగుడు ఆగకపోతే కుదురు మరమ్మతు చేసుకోలేక క్రమంగా చిన్నదవుతుంది. దాని నుంచి వచ్చే వెంట్రుక ప్రతి వంతుకూ సన్నబడి, పొట్టిదై, చివరికి నూగులా మారుతుంది. ఇంకా కొనసాగితే లావు వెంట్రుకల కుదుళ్లు ఒక్కొక్కటిగా మాయమై వాటి స్థానంలో నార కణజాలం, అంటే మచ్చ, మిగులుతుంది. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఒకప్పుడు కుదురు దిగిన దారి వెంట తాడులా నార మాత్రమే కనిపిస్తుంది. వింత ఏమిటంటే అక్కడి నూనె గ్రంథులు చాలావరకు అలాగే ఉంటాయి, వాపు కూడా పెద్దగా ఉండదు. మచ్చలు పడి జుట్టు పోయే ఇతర జబ్బుల్లో నూనె గ్రంథులు మొదట్లోనే నశిస్తాయి. పరీక్షకు ముక్క తీసినప్పుడు వైద్యులు రెండింటినీ వేరు చేయడానికి పట్టుకునే ఆనవాళ్లలో ఇది ఒకటి. జుట్టు పోవడం శాశ్వతమయ్యేది సరిగ్గా ఇక్కడే. మూలకణాలు పోయాక కొత్త వెంట్రుకను మొదలుపెట్టేందుకు అక్కడ ఏమీ మిగలదు. ఎన్నేళ్ల లాగుడుకు ఈ స్థితి వస్తుందన్నదానికి ఒకే అంకె లేదు. ఎంత బలంగా, రోజుకెన్ని గంటలు, ఏ వయసు నుంచి, ఎలాంటి జుట్టు మీద అన్నవన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

ఆ స్థితికి చాలా ముందే శరీరం హెచ్చరికలు పంపుతుంది. మొదటిది నొప్పి. జడ వేసిన తర్వాత కణతలు లాగినట్టుండటం, నుదురు పైకి పట్టినట్టుండటం, సాయంత్రం ముడి విప్పగానే మాడు సలిపి హాయిగా అనిపించడం, రాత్రి దిండు మీద తల పెడితే కుదుళ్లు నొప్పెట్టడం ఇవన్నీ దాని రూపాలే. జడ వేసేటప్పుడు అంచున చర్మం చిన్న చిన్న గుడారాల్లా పైకి లేస్తుంటే లాగుడు మితిమీరినట్టే. నొప్పిని ఓర్చుకుంటే జుట్టు పోయే ముప్పు తెచ్చుకున్నట్టేనని ఖుమాలో, ఆమె సహచరురాలు మీర్మిరానీ ప్రజలకు చెప్పాలని సూచించారు. చాలా ఇళ్లలో చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఏడిచే పిల్లను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని ‘కదలకు, జడ వదులుగా వస్తుంది’ అని మందలించడం అందరికీ తెలిసిందే.

రెండో హెచ్చరిక చర్మం మీద కనిపిస్తుంది. కుదుళ్ల చుట్టూ ఎర్రదనం, దురద, జడ లాగే గీత వెంట చిన్న చిన్న పొక్కులు, ఒక్కోసారి చీము పొక్కులు వస్తాయి. మూడోది వెంట్రుక మీదే ఉంటుంది. మొదలుకు దగ్గరగా వెంట్రుకను చుట్టి తెల్లని సన్నని గొట్టాల్లాంటివి కనిపిస్తాయి. చూడగానే పేల గుడ్లని భ్రమ పడతారు, పేల మందు రుద్దుతారు. తేడా తెలుసుకోవడం సులభం. పేల గుడ్డు వెంట్రుకకు అంటుకుని కదలదు. ఈ గొట్టాలు వేళ్లతో పట్టి లాగితే వెంట్రుక పొడవునా జారతాయి. ఇవి ఉన్నాయంటే లాగుడు ఇంకా నడుస్తోందని అర్థం. చర్మవైద్యులకు దీని విలువ ఎక్కువ, ఎందుకంటే ‘ఇప్పుడు బిగుతుగా కట్టడం లేదండీ’ అని చెప్పేవాళ్ల మాటను ఇది సరిచూస్తుంది.

తర్వాత జుట్టు పలచబడటం మొదలవుతుంది. దీని ఆకారంలో ఒక విశేషం ఉంది. నుదుటి అంచున వెనక్కి జరిగినట్టు ఖాళీ ఏర్పడుతుంది కానీ పాత అంచు మీద, ఒకప్పుడు జుట్టు మొదలైన చోటే, పొట్టి సన్నని వెంట్రుకల వరస ఒకటి మిగిలి ఉంటుంది. ముందు ముంగురుల గీత, దాని వెనక ఖాళీ, ఆ వెనక మామూలు జుట్టు. 2011లో అమెరికా చర్మవైద్యుల బృందం ఒకటి ఈ అంచు వరసను ముఖ్యమైన గుర్తుగా వివరించింది. కారణం చాలా సూటిగా ఉంటుంది. అంచున ఉండే నూగు, పొట్టి వెంట్రుకలు జడలోకీ ముడిలోకీ అందవు. అందనివాటి మీద లాగుడు పడదు, కాబట్టి అవి మిగులుతాయి. అందినవి పోతాయి. అద్దంలో చూసుకుని ‘ముందు జుట్టు ఉందిగా’ అని ధైర్యపడటానికి కారణమయ్యేది కూడా ఈ వరసే.

ఇదే గుర్తు ఇతర జబ్బుల నుంచి దీన్ని వేరుచేస్తుంది. పేనుకొరుకుడు ఒక్కోసారి తల అంచు వెంట పట్టీలా వస్తుంది, కానీ అక్కడ చర్మం హఠాత్తుగా నున్నగా మారుతుంది, లాగి కట్టే అలవాటుతో సంబంధం ఉండదు. నెలసరి ఆగిన వయసులో కొందరికి నుదుటి అంచు వెడల్పుగా వెనక్కి పోతుంది. 1994లో తొలిసారి వివరించిన ఈ జబ్బులో అంచున నూగు కూడా మిగలదు, కనుబొమ్మలు కూడా పలచబడతాయి. దీనికి మందులు వేరు, ఆలస్యం చేస్తే నష్టం ఎక్కువ. కాబట్టి 50 దాటినవారు జడ వదులు చేసి ఊరుకోకూడదు. ప్రసవమైన రెండు నుంచి నాలుగు నెలలకు తల నిండా జుట్టు రాలడం మరో సంగతి. డెంగీ లాంటి తీవ్రమైన జ్వరం తర్వాత కూడా ఇలాగే రాలుతుంది. ఇవి తాత్కాలికం, తల మొత్తం మీద కనిపిస్తాయి. అయితే ఆ సమయంలో పలచగా కనిపిస్తున్న కణతల్ని కప్పడానికి ఉన్న జుట్టును బలంగా దువ్వి కట్టినప్పుడు రెండూ కలిసి పని చేస్తాయి. పోయిన జుట్టును దాచే ప్రయత్నమే మిగిలినదాన్ని లాగడం ఈ జబ్బులో పదేపదే కనిపించే ముడి.

తెలుగు ఇళ్లలో లాగుడు కొన్ని చోట్ల నుంచి వస్తుంది. చాలా బడుల్లో ఆడపిల్లలు రెండు జడలు వేసి, పైకి మడిచి రిబ్బన్లతో బిగించి రావాలి. నడి పాపిట తీసి చెవుల మీదుగా లాగే ఈ జడల్లో ఎక్కువ బరువు కణతల మీద, చెవుల పైన పడుతుంది. జడ వేయడంలో తప్పు లేదు. సంవత్సరాల తరబడి అదే పాపిట, అదే బిగువు, అదే చోట రబ్బరు బ్యాండు ఉండటం తప్పు. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునేవాళ్లకు సాధన రోజుల్లో జడ పర్వాలేదు. ప్రదర్శన రోజున మాత్రం పొడవైన సవరం, జడకుచ్చులు, తలమీది నగలు, పూలు అన్నీ కలిసి జుట్టు మీద వేలాడతాయి, అవి జారకుండా పిన్నులతో కదలకుండా బిగిస్తారు. పెళ్లిలో పూలజడ బరువు కూడా తక్కువేమీ కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కొన్ని గంటల పాటు మోస్తే కుదుళ్లు తట్టుకుంటాయి. వారానికి రెండు మూడు ప్రదర్శనలు ఇచ్చే నర్తకి లెక్క వేరు.

గుండు గురించి ఒక మాట చెప్పాలి. మొక్కుకు తిరుమలలో తలనీలాలు ఇచ్చాక జుట్టు ఒత్తుగా వచ్చిందని చాలామంది అంటారు. క్షౌరం కుదురును మార్చదు, కత్తి తాకేది చర్మం పైన ఉన్న వెంట్రుకను మాత్రమే. కానీ గుండు తర్వాత చాలా నెలల వరకు జడ వేయడానికి జుట్టే ఉండదు. ఆ వ్యవధిలో బతికి ఉన్న కుదుళ్లకు లాగుడు నుంచి సెలవు దొరుకుతుంది. కణతల దగ్గర జుట్టు కొంత కోలుకుంటే పేరు గుండుకు వస్తుంది. మచ్చ పడిన చోట మాత్రం గుండు ఎన్నిసార్లు చేయించినా ఏమీ మొలవదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే శాశ్వతం, తాత్కాలికం అన్నవి ఒకే తల మీద ఎలా కలిసి ఉంటాయో తెలుస్తుంది. హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే 28 ఏళ్ల యువతిని అనుకుందాం. 20వ ఏట నుంచీ పక్క పాపిట తీసి, జెల్ రాసి, నున్నగా దువ్వి వెనక ముడి కట్టుకుంటోంది. మొదటి రెండేళ్లు సాయంత్రాలు తలనొప్పి ఉండేది, తర్వాత అలవాటైంది. ఈ అలవాటు పడటం మంచి సూచన కాదు. కణతలు పలచబడుతున్నాయని 25వ ఏట గమనించింది, ముడి ఇంకా ముందుకు లాగి కప్పింది. ఇప్పుడు చర్మవైద్యుడి దగ్గరకు వచ్చింది.

డాక్టరు డెర్మోస్కోప్ అనే దీపం ఉన్న భూతద్దంతో అంచు వెంట చోటుచోటునా చూస్తాడు. వెతికేది వెంట్రుకల కోసం కాదు, వెంట్రుక బయటకు వచ్చే రంధ్రాల కోసం. ఆమె నుదుటి మధ్యలో ఎర్రదనం, రెండు మూడు పొక్కులు, జారే తెల్ల గొట్టాలు, తెగిన వెంట్రుకలు ఉన్నాయి. రంధ్రాలన్నీ ఉన్నాయి. ఇది తొలి దశ. కుడి కణత దగ్గర వెంట్రుకలు సన్నబడి పొట్టిగా ఉన్నాయి, రంధ్రాలు మామూలు కన్నా తక్కువ కానీ ఉన్నాయి. ఇది మధ్య స్థితి, ఇక్కడ కొంత వస్తుంది కొంత రాదు. పాపిటకు ఎదురువైపు కావడంతో ఎక్కువ లాగుడు పడిన ఎడమ కణత దగ్గర, చెవి పైన బొటనవేలి గోరంత మేర చర్మం నున్నగా, కాస్త మెరుస్తూ ఉంది. రంధ్రాలే లేవు, అక్కడక్కడ చిన్న తెల్ల చుక్కలు, అంచున నూగు వరస మిగిలాయి. ఇది చివరి దశ. అనుమానం ఉంటే వైద్యుడు అక్కడి నుంచి సుమారు నాలుగు మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. ఇక్కడ నార మాత్రమే కనిపిస్తుందని ముందే ఊహించవచ్చు.

చికిత్సలో మొదటిది, నిజానికి సగానికి పైగా పని చేసేది, లాగుడు ఆపడం. ముడిని నెత్తి నుంచి మెడ దగ్గరకు దించాలి, అంచు వెంట్రుకల్ని వదులుగా వదలాలి, రబ్బరు బ్యాండుకు బదులు పెద్ద క్లిప్పు వాడాలి. ఉద్యోగ నియమం అడ్డొస్తే వైద్యుడు ఇచ్చే ధ్రువీకరణ పత్రం పనికొస్తుంది. పొక్కులు, వాపు ఉన్నచోట వైద్యుడు కొన్ని వారాల పాటు యాంటీబయాటిక్ గానీ స్టెరాయిడ్ పూతమందు గానీ, ఒక్కోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ గానీ ఇస్తాడు. ఆ తర్వాత వాడేది మినాక్సిడిల్, 2 లేదా 5 శాతం ద్రావణం లేదా నురగ. ఇది మచ్చను తొలగించదు. చిన్నబోయిన కుదురు మళ్లీ పెద్దదై, ఎక్కువకాలం పెరిగే దశలో ఉండేలా తోడ్పడుతుంది. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జుట్టు కాస్త ఎక్కువగా రాలవచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తున్నాయన్నమాట, చాలామంది అప్పుడే భయపడి మానేస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని వాడకూడదు. నుదుటి మీదకు కారితే అక్కడా రోమాలు మొలుస్తాయి.

మన ఉదాహరణలోని యువతికి రెండు వారాల్లో పొక్కులు, నొప్పి తగ్గుతాయి. మూడు నాలుగు నెలలకు నుదుటి మధ్యలో పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మూడో నెలలో మొదలైనది ఏడాది చివరికి తొమ్మిది సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది. ముడిలోకి అందీ అందకుండా ఉండే ఈ వెంట్రుకలే అందరికీ చిరాకు తెప్పిస్తాయి, జెల్ రాసి పిన్నుతో బిగించి అణచాలనిపిస్తుంది. అలా చేస్తే కొత్త కుదురు మళ్లీ మొదటికి వస్తుంది. కుడి కణత దగ్గర ఏడాదికి సగం వరకు జుట్టు రావచ్చు. ఎడమ వైపు గోరంత మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. ఫలితాన్ని అద్దంలో రోజూ చూసి అంచనా వేయడం కష్టం. ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, జుట్టు విప్పి మూడు నెలలకొకసారి తీసిన ఫొటోలు నిజం చెబుతాయి. ఆరు నుంచి 12 నెలల పాటు లాగుడు పూర్తిగా ఆపి, మందు క్రమంగా వాడినా నూగు కూడా లావు కాకపోతే ఆ చోటు శాశ్వతంగా పోయిందని వైద్యులు నిర్ణయిస్తారు.

ఈ మధ్యలో ఆముదం, ఉల్లిరసం లాంటివి చాలామంది వాడతారు. ఆముదం జుట్టును మెత్తబరిచి తెగకుండా కొంత కాపాడవచ్చు, ఉల్లిరసం కొందరికి చర్మం మండించి దురద తెస్తుంది. ఏదీ నారగా మారిన కుదురును తెరవదు. గట్టిగా మర్దన చేస్తే సున్నితమైన కొత్త వెంట్రుకలు ఊడతాయి. బయోటిన్ మాత్రలకు కూడా ఈ నష్టంలో పాత్ర లేదు. తల అంతటా జుట్టు రాలుతుంటే, నీరసం కూడా ఉంటే, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. అంచున మాత్రమే పోతుంటే ముందు జడ వైపు చూడాలి.

జడ మానాల్సిన పని లేదు. వేసిన జడ అంచు దగ్గర వేలు పెడితే చర్మం కదిలేంత వదులుండాలి, పెట్టిన నిమిషం నుంచే నొప్పి ఉండకూడదు, రాత్రికి తప్పనిసరిగా విప్పాలి. తడి జుట్టు ఎక్కువ సాగుతుంది, సులువుగా తెగుతుంది, కాబట్టి తలస్నానం కాగానే బిగించకూడదు. పాపిట స్థానం, రబ్బరు బ్యాండు కట్టే చోటు మారుస్తూ ఉండాలి. సవరం లేదా ఎక్స్‌టెన్షన్ ఆరు నుంచి ఎనిమిది వారాలకు మించి ఉంచకూడదు, తీసిన తర్వాత జుట్టుకు కొంత విశ్రాంతి ఇవ్వాలి. అంచు పొక్కులు, నొప్పి ఉన్న పిల్లలకు వెంటనే జడ విప్పేసి రెండు మూడు నెలలు వదులుగా ఉంచితే సాధారణంగా మందు కూడా అవసరం పడదు. బడి నియమం పేరుతో ఈ వ్యవధిని వాయిదా వేయడం మంచిది కాదు, పిల్లల కుదుళ్లు త్వరగా కోలుకునేది కూడా ఈ వయసులోనే.

మచ్చ పడిన చోటికి మిగిలిన దారి జుట్టు మార్పిడి. వెనక తల నుంచి ఒకటి రెండు వెంట్రుకలున్న చిన్న కుదుళ్లను తీసి అంచున నాటుతారు. మచ్చలో రక్తప్రసరణ తక్కువ కాబట్టి మామూలు చోట నాటినన్ని బతకకపోవచ్చు. ఒకేసారి దట్టంగా కాకుండా విడతల్లో నాటడం, ముందు కొద్ది చోట నాటి చూడటం ఇందుకే. లాగుడు ఆగి ఏడాదైనా గడిచి, నష్టం నిలిచిపోయిందని నిర్ధారణ అయ్యాకే వైద్యులు దీనికి ఒప్పుకుంటారు. నాటిన కుదుళ్లు వెనక తల నుంచి వచ్చినవైనా లాగుడుకు అతీతమైనవి కావు. మళ్లీ అదే ముడి అదే బిగువుతో కడితే అవి కూడా అదే క్రమంలో సన్నబడి పోతాయి. రెండోసారి నాటడానికి వెనక తలలో ఉండే నిల్వ పరిమితమే.